నొప్పి మాత్రలు మొదలెట్టాక కడుపులో మంట: సమస్య - పరిష్కారం

సమస్య

మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ 50 మి.గ్రా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అదీ అన్నం తిన్నాకే వేసుకుంటున్నారనుకుందాం. మూడు వారాలు తిరిగేసరికి బొడ్డు పైన, పక్కటెముకలు కలిసేచోట మంట మొదలైంది. అర్ధరాత్రి మెలకువ వస్తోంది, గ్లాసుడు పాలు తాగితే కాసేపు తగ్గి మళ్లీ వస్తోంది.

కారణం

జీర్ణాశయం రోజుకు సుమారు రెండు లీటర్ల రసం ఊరిస్తుంది. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వల్ల పీహెచ్ 2 దాకా పడిపోతుంది, ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు పెరుగుతుంది. మాంసకృత్తులను ముక్కలు చేసే పెప్సిన్ కూడా అందులోనే ఉంటుంది. మాంసాన్నే అరిగించేది తన గోడను ఎందుకు వదిలేస్తుంది?

ముందుగా, పెప్సిన్ తయారైన కణంలో పనిచేయదు. పెప్సినోజెన్ అనే మూతవేసిన రూపంలో బయటికొచ్చి, ఆమ్లం తగిలాకే పదునెక్కుతుంది. ఇక గోడ మీద మిల్లీమీటరు మందం కూడా లేని జిగురు పొర ఉంటుంది. దాని కింది కణాలు బైకార్బొనేట్‌ను వదులుతాయి, మన వంటసోడాలో ఉండేది అదే. పొరకు ఆవలివైపు పీహెచ్ 2 ఉన్నా, ఈవలివైపు కణాల దగ్గర 7కు దగ్గరగా ఉంటుంది. అక్కడ పెప్సిన్ ఆటలు సాగవు. పైవరుస కణాలు కూడా కొద్దిరోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి.

ఈ జిగురు, సోడా, గోడకు రక్త సరఫరా తగ్గకుండా చూసేవి ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వాటి తయారీనే ఆపేస్తాయి. ఆ పని ఎక్కువగా రక్తంలోంచే జరుగుతుంది కాబట్టి, తిన్నాక వేసుకున్నా, ఇంజెక్షన్ చేయించుకున్నా పుండు పడొచ్చు. “తిన్నాక వేసుకుంటే ఏం కాదు” అనే మాట సగమే నిజం.

పరిష్కారం

నొప్పి మాత్ర ఆపి డాక్టరుకు చూపించండి. గుండె కోసం రాసిన ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు. నొప్పికి ఆ మాత్ర బదులు పారాసిటమాల్ సరిపోతుందేమో అడగండి.

ఆమ్లం ఊరడాన్ని తగ్గించే ఒమెప్రజోల్ లాంటి మాత్రను టిఫిన్‌కు అరగంట ముందు, పరగడుపున వేసుకోవాలి. తిండి పడ్డాకే జీర్ణాశయం కణాల్లో ఆమ్లాన్ని బయటికి తోసే పంపులు పని మొదలుపెడతాయి, ఆ సమయానికి మందు రక్తంలో ఉండాలి. చాలామంది మంట వచ్చాక వేసుకుని “పనిచేయలేదు” అంటారు. పుండు మానడానికి సాధారణంగా 4 నుంచి 8 వారాలు పడుతుంది. పాలు మందు కాదు, అందులోని కాల్షియం, ప్రొటీన్ మళ్లీ ఆమ్లాన్ని ఊరిస్తాయి.

జీర్ణాశయంలో పుండుకు మరో కారణమైన హెలికోబాక్టర్ పైలోరి బ్యాక్టీరియా పరీక్ష కూడా అడగండి. శ్వాస పరీక్షయినా, మల పరీక్షయినా రెండు వారాల ముందు నుంచి ఒమెప్రజోల్ ఆపాలి, లేకుంటే ఉన్నా లేనట్టు చూపించొచ్చు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

నొప్పి మాత్రల పుండు ఒక్కోసారి మంటే లేకుండా రక్తస్రావంతో బయటపడుతుంది. విరేచనం తారులా నల్లగా, జిగటగా, గబ్బు వాసనతో వచ్చినా, వాంతిలో రక్తమో కాఫీ పొడి లాంటి మడ్డో కనిపించినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలు వాడేవారికీ నల్లగానే వస్తుంది కానీ, తారులా సాగదు, ఆ గబ్బు ఉండదు.