వాయిస్ నోట్‌ను మెయిల్‌గా రాసే ముందు ఇవి చూసుకోండి

☐ నోట్ చివరిదాకా విన్నాకే టైప్ చేయడం మొదలుపెట్టండి. మాట్లాడేటప్పుడు ఎవరైనా మధ్యలో మాట మార్చుకుంటారు, అసలు అడగాల్సింది చివర్లో గుర్తొస్తుంది. ఉదాహరణకి ఈ నోట్ చూడండి: “రేపటికల్లా డిజైన్ పంపేస్తామని చెప్పు... కాదు కాదు, శుక్రవారం. అదీ లోగో వాళ్లు ఓకే చేస్తేనే. ఆ, ఇంకోటి, రెండో పేజీ ఫొటోలు వాళ్లే ఇవ్వాలి.” వింటూనే రాసేస్తే “రేపు” అలాగే ఉండిపోతుంది.

☐ తేదీలు, అంకెలు, ఎవరు ఏం చేయాలి అన్నవి విడిగా రాసుకోండి. “రేపు”, “వచ్చే వారం” అని ఉంటే నోట్ ఏ రోజు రికార్డ్ చేశారో చూసి తేదీగా మార్చాలి.

☐ “అయితేనే”, “బహుశా” లాంటి మాటలు పోనివ్వకండి. నా లెక్కలో ఎక్కువ నష్టం ఇక్కడే, ఎందుకంటే వాక్యం నున్నగా చేసే ఊపులో “లోగో ఓకే చేస్తేనే” ఎగిరిపోతే అది ఖాయమైన మాట ఇచ్చినట్టే, శుక్రవారం వాళ్లు డిజైన్ అడిగితే మీ దగ్గర జవాబుండదు.

☐ అవతలివాళ్లు చేయాల్సింది పైన పెట్టండి: “లోగోకు మీ ఆమోదం, రెండో పేజీ ఫొటోలు కావాలి. ఆమోదం అందితే డిజైన్ శుక్రవారం, 14వ తేదీకి పంపుతాం.”

☐ ఫొటోలు ఎప్పటికి కావాలో నోట్‌లో లేదు. ఊహించి రాయకండి, చెప్పినవాళ్లని అడగండి.

☐ పంపే ముందు మెయిల్ ఎదురుగా పెట్టుకుని నోట్ ఇంకోసారి వినండి. జవాబు వచ్చేదాకా డిలీట్ చేయొద్దు.