ఆఫీసు పాఠాలను పోస్టులుగా రాసేటప్పుడు

ఆఫీసులో నేర్చుకున్నది రాద్దామంటే రెండు ఇబ్బందులు. ఒకటి సొంత డబ్బా అవుతుంది, లేదంటే క్లయింట్ గుట్టు బయటపడుతుంది. నేను ఇప్పుడు శుక్రవారం సాయంత్రం, రాయదుర్గం నుంచి నాగోల్ వెళ్లే మెట్రోలో, ఫోన్‌లో మూడే లైన్లు రాసుకుంటున్నాను: నేను ఏమనుకున్నాను, ఏం జరిగింది, ఇప్పుడు ముందుగా ఏం చూస్తున్నాను.

ఉదాహరణకు, రోజూ రాత్రి 2 గంటలకు రిపోర్టు దానంతటదే వెళ్లాలని సర్వర్‌లో `cron` టైమ్ ఇలా పెట్టాను:

```
0 2 * * *
```

అది ఉదయం 7:30కి వెళ్లింది. సర్వర్ గడియారం `UTC`లో ఉంది, మన టైమ్ దానికంటే అయిదున్నర గంటలు ముందు. ఇప్పుడు ముందుగా `date` కొట్టి చూస్తాను.

పోస్టు చేసేముందు క్లయింట్ పేరు, నెల, ఎంతమందికి ఇబ్బందైందన్న లెక్క తీసేస్తాను. వాటి బదులు అబద్ధపు అంకెలు పెట్టను. పాఠానికి అవి అక్కర్లేదు కదా. స్క్రీన్‌షాట్ కావాలంటే అదే తప్పును సొంత ల్యాప్‌టాప్‌లో ఉత్తుత్తి డేటాతో మళ్లీ చేసి తీస్తాను. ఆఫీసు స్క్రీన్ మసకబార్చినా ట్యాబ్ పేరో, ఫైల్ పేరో ఓ మూల మిగిలిపోతుంది. తప్పు నాదైతేనే రాస్తాను. “మా టీమ్‌లో ఒకరు” అని రాస్తే అది ఎవరో టీమంతటికీ తెలిసిపోతుంది.

భద్రతా లోపం లాంటివాటికి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ జరిగిన సంగతే రహస్యం, పేర్లు తీసేసినా లాభం లేదు. అలాంటివి నేను డ్రాఫ్ట్‌గా కూడా ఫోన్‌లో ఉంచుకోను.