మంటలొస్తే ఇంటిల్లిపాదీ బయటపడే ప్రణాళిక – మూడో పాఠం: కలుసుకునే చోటు, పిల్లల పనులు

గత పాఠంలో ఇంటి పటం గీసుకుని, గుమ్మం నుంచి కిందివరకు మెట్లు లెక్కపెడుతూ దిగి, అందరూ కలుసుకునే చోటును చివర రాయమన్నాను. మెట్ల వరకు పని చక్కగా జరిగింది. చిక్కంతా ఆ చివరి గడిలో వచ్చింది. నేను చూసిన పటాల్లో సగానికి పైగా ‘గేటు దగ్గర’ అనే ఉంది. కొందరు ‘పార్కింగులో’ అన్నారు, ఒకరిద్దరు ‘వాచ్‌మన్ గది ముందు’ అన్నారు. పిల్లల పనుల కింద ‘సర్టిఫికెట్ల ఫైలు తేవాలి’, ‘తమ్ముణ్ణి లేపి తీసుకురావాలి’, ‘పక్కింటి బెల్లు కొట్టాలి’ అని రాశారు. ఈసారి బాల్కనీ గ్రిల్లుల గురించి చెప్పాల్సి ఉంది. దాన్ని వచ్చే పాఠానికి జరిపి, ఈ రెండు గడులనే సరిచేద్దాం. లిఫ్టు వాడకూడదు, పొగలో వంగి నడవాలి వంటివి మీకు తెలుసు, మళ్ళీ చెప్పను.

ముందు గేటు సంగతి. మన అపార్ట్‌మెంట్లలో మంట ఎక్కడ పుడుతుందో ఒకసారి కిందికి దిగి చూడండి. అన్ని ఫ్లాట్ల కరెంటు మీటర్లు ఒకే గోడకు, చాలాచోట్ల మెట్ల కిందే బిగించి ఉంటాయి. వాటి పక్కనే వాహనాలు, ఛార్జింగుకు పెట్టిన స్కూటర్లు, ఎవరో పడేసిన పాత పరుపులు ఉంటాయి. 2023 నవంబరు 13న హైదరాబాద్ బజార్‌ఘాట్‌లో కనీసం తొమ్మిది మంది ప్రాణాలు తీసిన అగ్నిప్రమాదం నివాస భవనం కింది అంతస్తులోనే మొదలైంది. అక్కడ నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి, కుటుంబాలు పై అంతస్తుల్లో ఉన్నాయి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల షోరూము అంటుకుంటే పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది చనిపోయారు. రెండుచోట్లా మంట కింద, మనుషులు పైన. అలాంటి మంటకు గేటు పది అడుగుల దూరంలో ఉంటుంది. పార్కింగైతే మంట పుట్టే చోటే.

మంట పైన నాలుగో అంతస్తులో వచ్చిందనుకున్నా గేటు పనికిరాదు. ఫైరింజన్ వచ్చేది ఆ దారినే, గొట్టాలు పరిచేది అక్కడే. సిబ్బంది మొదట చేసే పని గేటు దగ్గరి జనాన్ని తరిమెయ్యడం. మీ ఇంటివాళ్ళు తలోవైపు చెదిరిపోతారు. వేడికి పగిలిన కిటికీ అద్దాలు, ఏసీ పెట్టెలు గోడ వెంబడే రాలతాయి. పైగా గేటు అంటే ఒక చోటు కాదు. లోపలా, బయటా? పెద్ద గేటా, పక్కనున్న చిన్న గేటా? ఇరవై ఫ్లాట్ల భవనంలో అందరూ ‘గేటు దగ్గర’ అనే అనుకుంటే, అర్ధరాత్రి ఎనభై మంది అక్కడ గుమిగూడతారు. ఆ గుంపులో ఏడేళ్ళ పిల్లవాడు తల్లికి మూడడుగుల దూరంలో ఉన్నా కనిపించడు.

కనిపించకపోతే ఆమె ఏం చేస్తుంది? మళ్ళీ మెట్లెక్కుతుంది. నేను దీని మీద ఇంతసేపు పట్టుబట్టడానికి కారణం ఇదే. కలుసుకునే చోటు ఉన్నది నిలబడటానికి కాదు, బయటికొచ్చిన మనిషి మళ్ళీ లోపలికి వెళ్ళకుండా ఆపడానికి. ‘అందరం ఉన్నాం’ అని కొన్ని క్షణాల్లో తేలాలి. లేదంటే ‘ఫలానా మనిషి లేరు, ఫలానా గదిలో ఉండాలి’ అని ఫైర్ సిబ్బందికి చెప్పగలగాలి. గేటు దగ్గర ఈ రెండూ జరగవు.

చోటు ఎంచుకోవడానికి నేను చూసేవి నాలుగు. భవనం ఎత్తుకు తగ్గకుండా దూరంగా ఉండాలి. పార్కింగు మీద ఐదంతస్తులున్న ఇంటికి ముప్పై పెద్ద అడుగులు వేస్తే సుమారుగా సరిపోతుంది. రోడ్డు దాటకుండా చేరుకోవాలి. ఎదురుగా ఉన్న టీ దుకాణం ఈ ఒక్క కారణంతోనే కొట్టుకుపోతుంది, ఎందుకంటే చీకట్లో పరుగెత్తే పిల్లవాడు వాహనం చూడడు. అది కదలనిదై ఉండాలి, ఆగి ఉన్న కారు, తోపుడుబండి పనికిరావు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉండకూడదు. నా మట్టుకు వీధి దీపపు స్తంభమే ఇష్టం. చేత్తో ముట్టుకోవచ్చు, రాత్రి దూరం నుంచి కనిపిస్తుంది. కరెంటు పోతే దీపం ఆరవచ్చు కాబట్టి, ‘దీపం కింద’ అని కాకుండా ‘మలుపులో ఉన్న స్తంభం’ అని నేర్పండి.

ఇప్పుడు ఒక ఇంటిని తీసుకుని పనులు పంచుదాం. కింద పార్కింగు, పైన ఐదంతస్తులు, ఒకే మెట్లదారి. ఫ్లాటు నాలుగో అంతస్తులో, వీధి వైపు. ఇంట్లో ఐదుగురు: అమ్మ, నాన్న, మోకాళ్ళ నొప్పులున్న నానమ్మ, పదమూడేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు. మొత్తం దిగడానికి మిగతావారికి రెండు నిమిషాలు పడితే నానమ్మకు ఏడు పడుతుంది.

పిల్లలకు పని ఇచ్చేటప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఆ పని కోసం పిల్ల ఆగకూడదు, వెనక్కి వెళ్ళకూడదు. ఫైలు తేవడం ఈ నియమంలో నిలవదు, జాబితాలోంచి కొట్టెయ్యండి. సర్టిఫికెట్ల నకళ్ళు మళ్ళీ తీసుకోవచ్చు. తమ్ముణ్ణి లేపడం అంతకంటే పెద్ద తప్పు. చిన్నపిల్లలు గాఢనిద్రలో అలారం మోతకు కూడా లేవకపోవచ్చు. లేచినా భయంతో మంచం కింద, బీరువాలో దాక్కుంటారు. ఆ వెతుకులాట పదమూడేళ్ళ పిల్ల మీద పెట్టకూడదు, అది అమ్మ పని. ఆమె నేరుగా బాబు మంచం దగ్గరికి వెళ్ళి, పేరుతో పిలిచి, భుజం పట్టి లేపుతుంది. పక్కింటి బెల్లు విషయానికొస్తే, దిగుతూ తలుపులు బాదుతూ కేకలు వెయ్యడం నాన్న చెయ్యగలడు.

బాబుకు ఇంట్లో ఒక పని, కింద ఒక పని. ఇంట్లో: పేరు వినగానే బదులు పలికి బయటికి రావాలి, వస్తూ తన గది తలుపు లాగెయ్యాలి. మూసిన తలుపు పొగను, మంటను చాలాసేపు ఆపుతుంది. కింద: స్తంభం మీద చెయ్యి వేసి, ఐదుగురి పేర్లూ గట్టిగా పిలవాలి. ‘అమ్మా, నాన్నా’ అని మాత్రమే నేర్పకండి. పెద్దల పూర్తి పేర్లు, ఫ్లాటు నంబరు చెప్పడం కూడా రావాలి. తప్పిపోయిన పిల్లవాడు పోలీసుకు ‘మా అమ్మ పేరు అమ్మ’ అంటే వెతకడం కష్టం.

పాపకు తాళాలు, ఫోను. ఇనుప తలుపు తాళంచెవి, టార్చి గుమ్మం లోపలి వైపు ఒకే కొక్కేనికి ఎప్పుడూ ఉండాలి. నేనైతే రాత్రిపూట ఇనుప తలుపుకు తాళం వెయ్యనే వద్దంటాను, లోపలి గడియ చాలు. పాప తాళంచెవి నాన్న చేతిలో పెట్టి, టార్చి తాను పట్టుకుంటుంది. తలుపు తెరిచేది మాత్రం నాన్నే. అరచేతి వెనక వైపుతో తలుపు ముట్టి చూసి, వేడి లేకపోతే కొంచెం తెరిచి మెట్ల వైపు చూస్తాడు. మెట్లలో పొగ లేకపోతే అమ్మ, పిల్లలు ఆగకుండా దిగిపోతారు. నాన్న నానమ్మతో వెనక వస్తూ తలుపు దగ్గరగా వేస్తాడు, తాళం వెయ్యడు. ఆ ఐదు నిమిషాల తేడా అందరికీ ముందే తెలిసి ఉండాలి, లేకపోతే కింద అమ్మ ఆందోళనతో వెనక్కి చూస్తుంది. స్తంభం దగ్గరికి చేరాక పాప 101కు ఫోన్ చేస్తుంది, కలవకపోతే 112కు. చెప్పాల్సింది ఇంతే: వీధి పేరు, దగ్గరి గుర్తు, ‘ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, పార్కింగులో మంటలు, నాలుగో అంతస్తు నుంచి నాన్న, నానమ్మ ఇంకా దిగలేదు’. అవతలివాళ్ళు పెట్టెయ్యమనే వరకు ఫోను పెట్టదు.

మెట్లలో పొగ కనిపిస్తే దిగడం మానెయ్యాలి, పైకి టెర్రస్‌కూ వెళ్ళకూడదు. పొగ వెళ్ళేదీ పైకే, చాలా భవనాల్లో టెర్రస్ తలుపుకు తాళం ఉంటుంది. అప్పుడు ఐదుగురూ లోపలే ఉండి, గుమ్మం తలుపు మూసి, కింది సందులో తడి తువ్వాళ్ళు కుక్కి, మెట్లకు దూరంగా వీధి వైపున్న గదిలో చేరి ఆ తలుపు కూడా మూస్తారు. పాప పని మారదు, ఫోన్ ఇక్కడి నుంచే చేస్తుంది. ఫ్లాటు నంబరు, ఎంతమంది, ఏ వైపు బాల్కనీ అనేది చెబుతుంది. బాబు పగలైతే రంగు దుప్పటి ఊపుతాడు, రాత్రైతే టార్చి వెలిగించి ఆర్పుతాడు. దిగుతుండగా రెండో అంతస్తులో పొగ ఎదురైతే దాన్ని చీల్చుకుని వెళ్ళకుండా, ఆ అంతస్తులోనే లేదా పై అంతస్తులో తెరిచిన ఏ ఇంట్లోకైనా వెళ్ళి ఇవే పనులు చెయ్యాలి. అందుకు ప్రతి అంతస్తులో ఒక ఇంటివాళ్ళతో ముందే మాట్లాడి ఉంచుకోండి.

నాన్న రాత్రి డ్యూటీలో ఉంటే? తాళంచెవి, తలుపు ముట్టి చూడటం అమ్మకు వస్తాయి, నానమ్మను దింపేందుకు పక్క ఫ్లాటువారిని ముందే అడిగి ఉంచాలి. ఆ మనిషి దొరకకపోతే ఎవరూ విడిపోకుండా, ఇంట్లోనే తలుపులు మూసుకుని ఉండే రెండో పద్ధతికే వెళ్ళాలని నా అభిప్రాయం. కబురు అంది పరుగెత్తుకొచ్చిన నాన్న కూడా ముందు స్తంభం దగ్గరికే రావాలి. అక్కడ ఎవరూ లేకపోతే మెట్లవైపు కాకుండా ఫైర్ సిబ్బంది దగ్గరికి వెళ్ళి, వీధి వైపు గది చూపించాలి.

అభ్యాసం: ఈ వారం ఒక రాత్రి, పిల్లలు నిద్రపోయి గంట దాటాక, ఇంట్లో దీపాలన్నీ ఆర్పి మొత్తం చెయ్యండి. మొదటి కేక నుంచి బాబు ఐదు పేర్లూ పిలిచి ముగించేదాకా ఎంత పట్టిందో రాసుకోండి. నానమ్మ సమయం వేరుగా రాయండి. అదే వారం మరో రాత్రి గుమ్మం దగ్గర ‘మెట్లలో పొగ’ అని చెప్పి, రెండో పద్ధతి చెయ్యండి. ఆ రోజు తువ్వాళ్ళు నిజంగానే తడపండి, ఎందుకంటే బకెట్టు ఎక్కడుందో చీకట్లో వెతుక్కోవడానికి పట్టే సమయం కూడా లెక్కలోకి రావాలి. బాబు ఏ రాత్రైనా పిలిస్తే పలకకుండా మంచంలోనే ఉండిపోతే, మూడో రాత్రి ఆ ఒక్క భాగమే మళ్ళీ చేయించండి.