డాలర్ పొజిషన్‌పై నష్టం అంచనా తప్పుతోందా? సమస్య - పరిష్కారం

జీడిమెట్లలో బల్క్ డ్రగ్స్ ఎగుమతి చేసే ఒక కంపెనీకి 5 లక్షల డాలర్లు రావాల్సి ఉందనుకుందాం. రేటును ముందే ఖాయం చేసుకునే ఫార్వర్డ్ కవర్ తీసుకోలేదు. డాలరు 85 రూపాయలుంటే ఆ పొజిషన్ విలువ 4.25 కోట్లు. రూపాయి బలపడిన రోజున నష్టం వీళ్లదే. గడిచిన ఏడాది రేటు రోజువారీ మార్పుల ప్రామాణిక విచలనం 0.25 శాతం వచ్చిందనుకుంటే, 99 శాతం స్థాయికి 2.33తో గుణిస్తాం.

```
4,25,00,000 × 0.0025 × 2.33 ≈ 2,47,563
```

అంటే నూటికి 99 రోజులు నష్టం సుమారు 2.48 లక్షలు దాటకూడదు. దీన్నే వ్యాల్యూ ఎట్ రిస్క్ అంటారు. మిగిలిన ఆ ఒక్క రోజున ఎంత పోతుందో మాత్రం ఈ అంకె చెప్పదు.

సమస్య 1: అంకె మొదటి నుంచీ తక్కువగా వస్తోంది

ముందు ఎక్సెల్ షీటు తెరిచి ఏడాదికి ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టండి. 365 ఉంటే కారణం దొరికినట్టే. శని, ఆదివారాల్లో శుక్రవారం రేటునే మళ్లీ నింపారు. ఆ రోజుల మార్పు సున్నా కాబట్టి విచలనం దాదాపు 15 శాతం తగ్గిపోతుంది. 0.25 కాస్తా 0.21 అవుతుంది, 2.48 లక్షలు 2.1 లక్షలకు దిగుతాయి. మార్కెట్ పనిచేయని రోజులన్నీ, పండగ సెలవులతో సహా, తీసేసి మళ్లీ లెక్కించండి. ఎఫ్‌బీఐఎల్ సంస్థ ప్రకటించే రెఫరెన్స్ రేటు వాడుతుంటే లాభనష్టాలు కూడా అదే రేటుతో చూడండి. ఒకచోట మధ్యాహ్నం రేటు, ఇంకోచోట సాయంత్రం ముగింపు రేటు పెడితే పోలిక కుదరదు.

సమస్య 2: నష్టం హద్దు దాటే రోజులు ఎక్కువయ్యాయి, అవీ ఒకేచోట గుంపుగా వస్తున్నాయి

99 శాతం స్థాయిలో 250 పని దినాలకు రెండు మూడుసార్లు దాటడం సహజం. బ్యాంకుల కోసం బాసెల్ కమిటీ పెట్టిన కొలత ప్రకారం 4 వరకూ పచ్చ, 5 నుంచి 9 వరకూ పసుపు, 10 నుంచి ఎరుపు. అయితే నేను లెక్క కంటే తేదీలనే ముందు చూస్తాను. ఏడు ఉల్లంఘనల్లో అయిదు ఒకే నెలలో ఉంటే లోపం మోడల్‌ది.

కారణం ఇది: 250 రోజులకూ సమాన బరువు ఇస్తే నిన్నటి కుదుపు సగటులో కరిగిపోతుంది. డాలరు ఒక్కరోజులో 0.8 శాతం పడిందనుకోండి. నష్టం 3.4 లక్షలు, హద్దు దాటింది. అయినా మర్నాటి అంచనా 2.48 నుంచి 2.52 లక్షలకే పెరుగుతుంది. మార్కెట్‌లో పెద్ద కదలిక వెనుక ఇంకో పెద్ద కదలిక రావడం మామూలే కనుక ఆ కాస్త పెంపు చాలదు.

పరిష్కారం, కొత్త రోజులకు ఎక్కువ బరువివ్వడం. జె.పి.మోర్గాన్ 1994లో బయటపెట్టిన రిస్క్‌మెట్రిక్స్ పద్ధతిలో రోజువారీ డేటాకు పాత అంచనా బరువుగా 0.94 వాడతారు. C కాలమ్‌లో ఆ రోజు మార్పు, D కాలమ్‌లో ఆ రోజుకు వేసిన వేరియన్స్, అంటే విచలనం వర్గం, ఉంటే:

```
D3: =0.94*D2+0.06*C2^2
```

అదే 0.8 శాతం కుదుపు తర్వాత ఇక్కడ విచలనం 0.31 శాతానికి చేరుతుంది, మర్నాటి అంచనా 3.09 లక్షలు అవుతుంది. ఒక హెచ్చరిక: ఈ పద్ధతి ఎంత త్వరగా నేర్చుకుంటుందో అంత త్వరగా మరిచిపోతుంది. పదకొండు పని దినాల్లో కుదుపు బరువు సగానికి పడిపోతుంది. అంచనా తగ్గింది కదా అని పొజిషన్ పెంచకండి.

సమస్య 3: అంతా సరిచేశాక కూడా ఒక్క రోజు నష్టం అంచనాకు ఎన్నో రెట్లు

ఇది సూత్రంలో పొరపాటు కాదు. ఆర్‌బీఐ డాలర్లు కొంటూ అమ్ముతూ రూపాయిని కుదురుగా ఉంచిన కాలంలో గత విచలనం చిన్నదిగా కనిపిస్తుంది. ఆ ప్రశాంతత తెగిన రోజు ఎలా ఉంటుందో అందులో ఉండదు. పైగా 2.33 అనేది సాధారణ వితరణ నుంచి వచ్చింది, కరెన్సీ మార్పుల తోకలు అంతకంటే లావు, అంటే పెద్ద కుదుపులు అది చెప్పేదానికంటే తరచుగా వస్తాయి.

2013 ఆగస్టు 28న రూపాయి 68.80 దగ్గర ముగిసింది. ఆ రాత్రే ఆర్‌బీఐ చమురు కంపెనీలకు ప్రత్యేక డాలర్ స్వాప్ సదుపాయం ప్రకటించింది. మర్నాడు రేటు 66.55. డాలరు చేతిలో ఉన్నవాళ్లకు ఒక్కరోజులో 3.27 శాతం నష్టం. మన పొజిషన్‌కు అది 13.9 లక్షలు.

అందుకే 2.48 లక్షల పక్కనే 13.9 లక్షలనూ రాసి యజమాని ముందుంచాలి. రెండో అంకె భరించలేనిదైతే సగం, అంటే 2.5 లక్షల డాలర్లు, ఫార్వర్డ్‌లో అమ్మితే రెండు అంకెలూ సగమవుతాయి. చెల్లింపు ఆలస్యమైతే ఖర్చు పెట్టి ఫార్వర్డ్ గడువు పొడిగించాల్సి, అంటే రోల్‌ఓవర్ చేయాల్సి వస్తుంది, కాబట్టి గడువుకు డబ్బు పంపే కొనుగోలుదార్ల బిల్లులకే ముందు కవర్ తీసుకోండి.