మూసీ నీటి పొలంలో దిగే ముందు పాదాల జాగ్రత్తలు

హైదరాబాద్ దిగువన మూసీ నీటితో వరి పండించే పొలాల్లో నాట్లకు గంటల తరబడి నిలబడాలి. నానిన చర్మం మెత్తబడి, మురుగునీటిలోని మలినాలకూ సూక్ష్మజీవులకూ దారి ఇస్తుంది.

☐ దిగే ముందు వేళ్ల సందులు విడదీసి చూడండి. చర్మం తెల్లగా ఉబ్బి పొరలు ఊడుతున్నా, పగుళ్లు మండుతున్నా ఆ రోజు గట్టు మీద పని చూసుకోవడం మేలు.

☐ పొడి పాదాలకు, ముఖ్యంగా సందుల్లో, వాజ్‌లైన్ పలుచగా రాయండి. నీటిని కొంతసేపే ఆపుతుంది.

☐ గమ్‌బూట్లలో పాత వార్తాపత్రిక కుక్కి, నీళ్ల బకెట్‌లో అంచు మునగకుండా కాసేపు నొక్కి ఉంచండి. కాగితం తడిస్తే ఆ జత వద్దు. కారే బూటు నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. లోతైన బురదలో బూటు ఊడివస్తుంది కాబట్టి పిక్కల దగ్గర బిగుతుగా ఉన్నదే కొనండి.

☐ మధ్యాహ్నానికి మార్చుకోవడానికి పొడి నూలు మేజోళ్లు, తుడుచుకోవడానికి గుడ్డ, కడుక్కోవడానికి మంచినీళ్లు సంచిలో ఉండాలి.

☐ మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన పూతలు వద్దు; ఫంగస్ ఉంటే అది ముదురుతుంది. మధుమేహం ఉన్నవారు చిన్న పుండుకైనా డాక్టరుకు చూపించాలి. వాపు, జ్వరం వస్తే ఎవరైనా సరే, అదే రోజు.