పేరాను సొంత మాటల్లో రాయడం ఎలా? మూసీ వరద పేరాతో ఒక సాధన

"సొంత మాటల్లో రాయండి" అనగానే చాలామంది చేసే పని ఒకటే. మూలం ఎదురుగా పెట్టుకుని ఒక్కో మాట దగ్గర ఆగి, దానికి ఇంకో మాట వెతుకుతారు. విద్యార్థుల పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనబడేది ఇదే. ఇలా రాస్తే ఎంత కష్టపడినా అది కాపీగానే మిగులుతుంది. ఎందుకో ఒక పేరా తీసుకుని చూద్దాం. సాధన కోసం పాఠ్యపుస్తకం ధోరణిలో నేనే రాసిన పేరా ఇది:

> 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన భారీ వరద హైదరాబాద్ నగరాన్ని అతలాకుతలం చేసింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. ఈ విపత్తు తర్వాత నిజాం ప్రభుత్వం ప్రముఖ ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించి వరద నీటిని నిలువరించాలని ఆయన సూచించారు. ఆ సూచన మేరకు మూసీపై ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ రూపుదిద్దుకున్నాయి. వరద నివారణ కోసం నిర్మించిన ఈ జలాశయాలు దశాబ్దాల పాటు నగర ప్రజల దాహార్తిని కూడా తీర్చాయి.

మాటకు మాట మార్చేవాళ్లు మొదటి వాక్యాన్ని ఇలా రాస్తారు: "మూసీ ఏటికి 1908 సెప్టెంబరు 28న వచ్చిన పెను వరద హైదరాబాద్ పట్టణాన్ని అల్లకల్లోలం చేసింది." నది ఏరైంది, భారీ పెనుగా మారింది, నగరం పట్టణమైంది. తెలుగులో చాలా మాటలకు పక్కనే దగ్గరి అర్థంతో ఇంకో మాట ఉంటుంది కాబట్టి ఈ పని చాలా తేలిక. మాటల వరుస మార్చడం అంతకన్నా తేలిక. తేదీని ముందు పెట్టినా, మూసీని ముందు పెట్టినా మన భాషలో వాక్యం చక్కగా నిలబడుతుంది. కానీ "వచ్చిన ... వరద ... చేసింది" అన్న చట్రం మాత్రం అలాగే ఉంది. ఆలోచన నడిచిన దారి మూలానిదే. పైగా అర్థం కూడా జారింది. హైదరాబాద్‌ను పట్టణం అంటే దాని స్థాయి తగ్గిపోయింది.

ముందు చదవండి, తర్వాత నోటితో చెప్పండి

పేరాను రెండుసార్లు చదవండి. మొదటిసారి ఊరికే చదవండి. రెండోసారి "ఈ పేరా ఏ ప్రశ్నకు జవాబు?" అని అడుగుతూ చదవండి. పై పేరా వరద గురించి అనిపిస్తుంది గానీ, నిజానికి "ఆ రెండు జలాశయాలు ఎందుకు వచ్చాయి?" అన్న ప్రశ్నకు జవాబు. ఇది తేలేదాకా పెన్ను పట్టకండి.

తర్వాత పుస్తకం మూసేసి, ఇంట్లో ఎవరికైనా చెప్తున్నట్టు పైకి చెప్పండి. "మూసీకి పెద్ద వరద వచ్చిందమ్మా, చాలామంది పోయారు, అందుకని నీళ్లను పైనే ఆపడానికి రెండు చెరువులు కట్టారు." వంటింట్లో నిలబడి మాట్లాడేటప్పుడు "దాహార్తిని తీర్చాయి" అని ఎవరి నోటా రాదు. అరువు తెచ్చుకున్న పదబంధాలు అక్కడే రాలిపోతాయి. ఏ చోట నోరు తడబడిందో అక్కడ పేరా మనకు సరిగ్గా అర్థం కాలేదన్నమాట. మళ్లీ తెరిచి ఆ వాక్యం ఒక్కటీ చూసుకోండి.

చీటీలో క్రియలు వద్దు

ఇప్పుడు చిన్న చీటీ రాసుకోండి. అందులో పేర్లు, అంకెలు, సంబంధాలు మాత్రమే ఉండాలి.

1908 సెప్టెంబరు 28 – మూసీ – వేల మృతులు
అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టు – దాదాపు 150
నిజాం ప్రభుత్వం → విశ్వేశ్వరయ్య
సలహా: పైన చెరువులు
మూసీ: ఉస్మాన్‌సాగర్, ఈసీ: హిమాయత్‌సాగర్
తర్వాత: తాగునీళ్లు

"అతలాకుతలం చేసింది", "రూపుదిద్దుకున్నాయి" లాంటివి ఇందులోకి రానివ్వకండి. తెలుగు వాక్యం బరువంతా చివరి క్రియ మీదే ఉంటుంది. ఆ క్రియ చీటీలోకి వచ్చిందంటే దాని ముందున్న వాక్యం మొత్తం వెంట వచ్చేస్తుంది.

వేరే చోట మొదలుపెట్టండి

చీటీ ఒక్కటే ముందు పెట్టుకుని రాయండి. మూలం వరదతో మొదలైంది కాబట్టి మనం చివరి నుంచి వద్దాం:

> ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు హైదరాబాద్ చాలా ఏళ్లు తాగింది. అసలు ఆ రెండూ వచ్చింది మాత్రం వరదను ఆపడానికి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు మృతులు వేలల్లో ఉన్నారు. అఫ్జల్‌గంజ్ దగ్గరి చింతచెట్టొకటి దాదాపు 150 మందిని కాపాడింది. అప్పుడు నిజాం ప్రభుత్వం ఇంజినీరు విశ్వేశ్వరయ్యను రప్పించింది. నీళ్లు ఊళ్లోకి రాకముందే పైన చెరువుల్లో ఆపాలన్నది ఆయన సలహా. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అందులో కలిసే ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు.

విషయం ఏదీ పోలేదు, ఎత్తుగడ మారింది.

సారాంశం కావాలంటే

పైన రాసింది తిరగరాయడం. దాని నిడివి మూలానికి దగ్గరగా ఉంటుంది. సారాంశం వేరు. సంక్షిప్తీకరణ ప్రశ్నల్లో సాధారణంగా మూడో వంతు నిడివి అడుగుతారు. మన పేరాలో 68 మాటలున్నాయి కాబట్టి 23 మాటల దగ్గర ఆగాలి:

> 1908 మూసీ వరదలో వేల మంది చనిపోయాక విశ్వేశ్వరయ్య సలహాతో హైదరాబాద్‌కు పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద ఆపడానికి కట్టిన ఆ చెరువులే ఎన్నో ఏళ్లు ఊరికి తాగునీళ్లు ఇచ్చాయి.

చింతచెట్టు పోయింది. అది వదిలేయడం నాకూ కష్టంగానే ఉంటుంది, పేరాలో మనసుకు పట్టుకునేది అదే మరి. కానీ జలాశయాలు ఎందుకు వచ్చాయన్న ప్రశ్నకు ఆ చెట్టు జవాబు చెప్పదు. ఇదే పేరాను వరద నుంచి జనం ఎలా బయటపడ్డారని రాసే వ్యాసానికి కుదించాల్సి వస్తే చెట్టు ఉంటుంది, జలాశయాలు పోతాయి.

రెండు రకాల తనిఖీ

ఇప్పుడు మూలాన్ని మళ్లీ తెరవండి. మొదట మాటలు చూడండి. వరుసగా మూడు మాటలు రెండు చోట్లా ఒకేలా ఉంటే కింద గీత గీయండి. విభక్తులు, కాలం అన్నీ మాటకే అతుక్కుని ఉండే మన భాషలో మూడు మాటలంటే తక్కువేం కాదు. "దాహార్తిని తీర్చాయి" లాంటి ప్రత్యేకమైన జంట కనబడితే రెండు మాటలైనా మార్చాల్సిందే. పేర్లు, తేదీలు, అంకెలకు ఈ లెక్క వద్దు. అవి ఎవరి సొంతమూ కావు, వాటిని మారిస్తేనే తప్పు.

తర్వాత అర్థం చూడండి. ఎక్కువ తప్పులు దొరికేది ఇక్కడే. "విశ్వేశ్వరయ్య ఉస్మాన్‌సాగర్ కట్టించారు" అని రాసేస్తుంటారు, మూలం చెప్పింది ఆయన సూచించారని మాత్రమే. "తాగునీటి కోసం కట్టినవి కావు" అని రాయబుద్ధవుతుంది. వరద కోసం కట్టారన్న మాట ఉంది గానీ, తాగునీటి ఆలోచనే లేదని ఎక్కడా లేదు. "సుమారు 150" కాస్తా "150" అయిందేమో చూడండి. ఉస్మాన్‌సాగర్‌ను మనం గండిపేట అంటాం. నిజమే అయినా ఆ పేరు ఈ పేరాలో లేదు, కాబట్టి సారాంశంలోకి రాకూడదు.

ఎక్కడైనా ఒక మాట మార్చడానికి వీల్లేనంత బాగుంటే, దాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి అలాగే రాయండి. మాటలన్నీ మీవే అయినా విషయం ఇంకొకరి దగ్గర తీసుకున్నదే కాబట్టి, అది ఎక్కడిదో పేరా చివర తప్పకుండా చెప్పండి.