పదిహేనేళ్లలోపు ఫుట్‌బాల్ జట్టుకు వారం ప్రణాళిక – మూడో పాఠం: తేలిక అంటే నెమ్మది కాదు

గత పాఠంలో “మంగళవారం బరువు, గురువారం తేలిక” అని రాశాను. రాసేటప్పుడు నా మనసులో మ్యాచ్ శనివారం. ఆ మాట మాత్రం పాఠంలో పెట్టలేదు, అదెవరికైనా తెలిసేదేలే అనుకున్నాను. తీరా చూస్తే మీలో చాలామందికి మ్యాచ్ ఆదివారం. ఒకాయన ఆదివారం మ్యాచ్ ఆడించి, మంగళవారం నా మాట నమ్మి నలుగురికి నలుగురు ఆట పెట్టారట. రెండో విడతకే పిల్లలు బంతి వెంట తిరగడం మానేసి నడుములు పట్టుకుని నిలబడ్డారు. “తొడలు పట్టేశాయి సార్” అన్నారట. పిల్లల తప్పేమీ లేదు, నాదే.

గట్టిగా ఆడాక కండరాల నొప్పి ఆ రాత్రికి తెలియదు. మర్నాడు మొదలై, రెండో రోజుకు బాగా ముదురుతుంది. మూడో రోజు నుంచి దిగడం మొదలవుతుంది. కాబట్టి వారం పేర్లు మరిచిపోయి రెండే లెక్కలు వేసుకోండి: పోయిన మ్యాచ్ అయి ఎన్ని రోజులైంది, రాబోయే మ్యాచ్‌కి ఎన్ని రోజులుంది. బరువైన సాధనకు అటూ ఇటూ కనీసం మూడేసి రోజులు ఉండాలి. శనివారం మ్యాచ్ అయితే మంగళవారానికి వెనక మూడు రోజులు, ముందు నాలుగు. ఆదివారం మ్యాచ్ అయితే మంగళవారానికి వెనక రెండే, గురువారానికి వెనక నాలుగు, ముందు మూడు. అంటే ఆదివారం ఆడే జట్లు నేను చెప్పింది తిప్పి రాసుకోవాలి: మంగళవారం తేలిక, గురువారం బరువు. ఇకపై నేను కూడా “బరువు రోజు”, “తేలిక రోజు” అనే అంటాను.

బరువు రోజు 90 నిమిషాలు. వార్మప్ 20 నిమిషాలు, దాని గురించి మొదటి పాఠంలో చెప్పాను. తర్వాత 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గీతల్లో నలుగురికి నలుగురు ఆట, నాలుగేసి నిమిషాల చొప్పున నాలుగు విడతలు, మధ్యలో మూడు నిమిషాల విరామం. చిన్న గీతల్లో పిల్లవాడు పరుగు అందుకునేలోపే ఆగాలి, తిరగాలి, మళ్లీ దూకాలి. తొడల మీద, గజ్జల మీద భారం పడేది ఈ ఆగడాల దగ్గరే. అందుకే ఈ ఆట మ్యాచ్‌కి రెండు రోజుల ముందు పెట్టకూడదు. దాని తర్వాత సగం గ్రౌండ్‌లో ఏడుగురికి ఏడుగురు, పదేసి నిమిషాలు రెండుసార్లు. మిగిలిన సమయం గోల్ కొట్టడానికి, నీళ్లకి పోతుంది.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. తేలిక రోజు అనగానే సగం మంది కోచ్‌లు గ్రౌండ్ చుట్టూ నెమ్మదిగా ఆరు రౌండ్లు తిప్పి, కాసేపు పాసులు ఇప్పించి ఇంటికి పంపేస్తున్నారు. తేలిక అంటే పని తక్కువ అని, వేగం తక్కువ అని కాదు. రెండు సాధనల్లోనూ పూర్తి వేగంతో పరిగెత్తని పిల్లవాడు ఆ వారం మొదటిసారి ఆ వేగం అందుకునేది మ్యాచ్‌లోనే. తొడ వెనక కండరం పట్టేసేది కూడా సరిగ్గా అప్పుడే. ఆరు రౌండ్ల నెమ్మది పరుగు దాన్ని ఆపదు.

శనివారం జట్టుకు తేలిక రోజు గంట చాలు. వార్మప్ 15 నిమిషాలు, అది అవగానే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే, 20 మీటర్ల పరుగులు ఐదు. ఇక్కడే రెండో గొయ్యి ఉంది. ఒక కోచ్ పిల్లల్ని గీత మీద నిలబెట్టి విజిల్ ఊదడం, వాళ్లు వచ్చీ రాగానే మళ్లీ ఊదడం నేను దగ్గర నిలబడి చూశాను. వాచీ చేతిలో ఉంది కదా అని ఒక అబ్బాయి సమయం పట్టాను. మొదటి పరుగు 3.4 సెకన్లు, మూడోది 3.5, ఐదోది 3.8. చివరి రెండింటిలో భుజాలు చెవుల దగ్గరికి వచ్చాయి, అడుగులు చప్పుడు చేస్తున్నాయి. ఆయాసం నేర్పారు, వేగం కాదు. పది మీటర్లకు దాదాపు ఒక నిమిషం విశ్రాంతి అన్నది పాత లెక్క. 20 మీటర్లకు రెండు నిమిషాలివ్వండి. పిల్లలు “ఇంకా ఎంతసేపు సార్” అని విసుక్కుంటున్నారంటే విరామం సరిపోతున్నట్టే. వాచీ లేకపోతే చెవితో వినండి: అడుగుల చప్పుడు పెరిగిన చోట ఆపేయండి, ఐదు పూర్తి కాకపోయినా సరే.

పరుగుల తర్వాత కార్నర్లు, త్రో-ఇన్‌లు 15 నిమిషాలు. నాకు ఇవి ప్రాణం, మీకు నచ్చకపోతే పది చేసుకోండి. చివర పెద్ద గీతల్లో ఎనిమిది నిమిషాల ఆట రెండుసార్లు. ఆదివారం జట్టుకు తేలిక రోజు మ్యాచ్ అయిన రెండో రోజే వస్తుంది కాబట్టి పరుగులు అక్కడ తీసేసి, బరువు రోజు వార్మప్ అవగానే పెట్టండి. మడమ వెనకో, మోకాలి చిప్ప కిందో నొప్పి అనే పిల్లల్ని ఏ రోజూ పరిగెత్తించవద్దు. ఎదిగే వయసులో అక్కడ నొప్పి మామూలే కానీ, కుంటుతూ ఆడితే ముదురుతుంది.

గత పాఠంలో శ్రమ లెక్క చెప్పాను కదా, నిమిషాలను, ఎంత కష్టంగా అనిపించిందో పిల్లవాడు పదికి ఇచ్చిన మార్కుతో గుణించడం. దాన్ని అందరికీ ఒకే సంఖ్యగా రాసినవాళ్లు ఈ ఇద్దర్ని చూడండి. మొదటివాడు శనివారం 70 నిమిషాలూ ఆడి 8 అన్నాడు: 560. బరువు రోజు 90 నిమిషాలకు 7: 630. తేలిక రోజు 60కి 4: 240. మొత్తం 1430. రెండోవాడు బెంచి మీద కూర్చుని చివరి పది నిమిషాలు ఆడాడు, మార్కు 6: కేవలం 60. సాధనలు అవే కాబట్టి మొత్తం 930. ఇలా నాలుగు వారాలు బెంచి మీదున్న పిల్లవాణ్ణి ఐదో వారం ఒక్కసారిగా పూర్తి మ్యాచ్ ఆడిస్తే, రెండో సగంలో వాడు నిలబడిపోతాడు. మనం “స్టామినా లేదు” అంటాం. మ్యాచ్ అయిన వెంటనే, గ్రౌండ్ వదిలే ముందు, అరగంట కంటే తక్కువ ఆడినవాళ్లకు చిన్న గీతల్లో నాలుగేసి నిమిషాల ఆట మూడుసార్లు పెట్టండి. ముగ్గురికి ముగ్గురు అయినా పరవాలేదు. తేడా మొత్తం పూడదు కానీ కొంత తగ్గుతుంది.

మార్కు అందరి ముందూ అడగకండి. మొదటివాడు 5 అంటే తర్వాతవాళ్లంతా 5 అంటారు. సాధన అయ్యాక అరగంటకు అడగడం మేలు. అంతసేపు ఉండకపోతే సంచులు సర్దుకునేటప్పుడు ఒక్కొక్కర్నీ పక్కకు పిలవండి.

అభ్యాసం: వచ్చే మూడు వారాలు ప్రతి పిల్లవాడికీ విడిగా ఈ లెక్క రాయండి. స్కూల్లో ఆడిన ఆటలు, వేరే జట్టుకు ఆడిన మ్యాచ్‌లు కూడా కలపాలి, ఇది మీరు అడిగితే తప్ప వాళ్లు చెప్పరు. ఒక వారం నుంచి మరో వారానికి ఎవరి మొత్తమైనా మూడో వంతు కంటే ఎక్కువ పెరిగితే ఆ పేరు కింద గీత గీయండి. నాలుగో పాఠం ఆ గీతల దగ్గర మొదలవుతుంది.